అమ్మకి పంపిన పేరా

నాన్నకి ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజు నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నాను. తెనాలిలో డాక్టర్ దగ్గర నర్సు ఒకసారి చేసి చూపించిందట. అమ్మ చూసింది, తల ఊపింది, ఇంటికొచ్చాక సగం మర్చిపోయింది. నాన్నకి సూది అంటే భయం, పైగా చెయ్యి వణుకుతుంది. కాబట్టి ఆ పని అమ్మ మీద పడింది.

సాయంత్రం ఫోన్ చేసి, "బుజ్జీ, పెన్ను పెట్టెలో కాగితం ఉంది కానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయే. నువ్వు చదివి తెలుగులో రాసి పంపు" అంది. ఆ కాగితం ఫొటో తెప్పించుకున్నాను, నర్సుతో ఫోన్లో మాట్లాడాను, అన్నీ అర్థం చేసుకున్నాను. తర్వాత క్యాబ్‌లో కూర్చుని వాట్సాప్‌లో ఇది టైప్ చేసి పంపాను. ఇప్పటికీ ఫోన్లో ఉంది, ఉన్నదున్నట్టు పెడుతున్నా.

"అమ్మా, ఇంజెక్షన్ అన్నానికి అరగంట ముందు చేయాలి, చేతులు కడుక్కుని పెన్ను మూత తీసి కొత్త సూది బిగించి దాని రెండు మూతలూ తీసేసి రెండు యూనిట్లు తిప్పి సూది పైకి ఉండేలా పట్టుకుని బటన్ నొక్కితే చుక్క రావాలి, రాకపోతే మళ్లీ చెయ్, తర్వాత పొద్దునైతే 18 రాత్రైతే 12 తిప్పి పొట్ట మీద రోజూ ఒకేచోట కాకుండా నిటారుగా గుచ్చి బటన్ సున్నా వచ్చేదాకా నొక్కి పది లెక్కపెట్టి తీసేసి సూది విప్పేసి మూత పెట్టెయ్, అన్నట్టు సూది బిగించే ముందు పెన్నుని అరచేతుల మధ్య దొర్లించి తిరగేసి మందు పాలలా అయ్యాక వాడాలి, చెమటలు వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వు, కొత్త పెన్నులు ఫ్రిజ్‌లో పెట్టు, డీప్ ఫ్రీజర్‌లో వద్దు."

ఇందులో ఒక్క తప్పు లేదు. ప్రతి మాటా కరెక్టే. నర్సుకి చూపించినా అదే అనేది. పంపేసి, మంచి కూతుర్ని అనుకుని ఫోన్ పక్కన పెట్టేశాను. అమ్మ దండం పెట్టే ఎమోజీ పంపింది.

రెండు వారాలు నాన్న షుగర్ పిచ్చిపిచ్చిగా తిరిగింది. పొద్దున పరగడుపున ఒకరోజు 210, ఇంకోరోజు 94. మధ్యలో ఒక మధ్యాహ్నం ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, మీటర్‌లో 62 చూపించింది. అమ్మ చక్కెర నీళ్లు తాగించింది కాబట్టి తేరుకున్నాడు. నాన్న దొంగతనంగా స్వీట్లు తింటున్నాడని అమ్మ గొడవ. తినడం లేదని నాన్న గొడవ. డోసు ఎక్కువైందేమో అని నేను. ఆ శుక్రవారం రాత్రి రైలెక్కాను.

శనివారం పొద్దున వంటింట్లో నిలబడి అమ్మ చేస్తుంటే ఊరికే చూశాను. ఏమీ చెప్పలేదు. ఎడమ చేతిలో ఫోన్, కుడి చేతిలో పెన్ను. ఒక ముక్క చదువుతుంది, ఫోన్ గట్టు మీద పెడుతుంది, పని చేస్తుంది, మళ్లీ ఫోన్ తీస్తుంది. ఈలోగా స్క్రీన్ ఆరిపోయి ఉంటుంది. లాక్ తీసి, ఎక్కడిదాకా వచ్చిందో వెతుక్కుంటుంది. నా పేరాలో "సూది" అన్న మాట నాలుగుసార్లు ఉంది. ఆవిడ కళ్లు ఒక్కోసారి ఒక్కో సూది దగ్గర ఆగేవి.

పెన్ను చేతిలోకి తీసుకుని చూశాను. నాన్న వాడేది రెండు రకాల ఇన్సులిన్ కలిపిన మందు. అందులో త్వరగా పనిచేసే భాగం నీళ్లలా తేటగా ఉంటుంది. నెమ్మదిగా పనిచేసే భాగం తెల్లటి పొడిలా అడుక్కి దిగిపోతుంది. కదపకుండా ఉంచితే పెన్నులో ఒకవైపు తేట, ఒకవైపు తెలుపు స్పష్టంగా కనిపిస్తాయి. అమ్మ చేతిలో పెన్ను సరిగ్గా అలాగే ఉంది. రెండు వారాలుగా ఒక్కసారి కూడా దొర్లించలేదు. అంటే ఒకరోజు నాన్నకి తేట ఎక్కువ, ఇంకోరోజు తెలుపు ఎక్కువ. డోసు అంకె 18 అనే ఉంటుంది, లోపలికి వెళ్లేది మాత్రం ఏరోజుకారోజు వేరు.

రెండోది, అమ్మ బటన్ నొక్కిన వెంటనే సూది లాగేసింది. సూది చివర ఒక బొట్టు, నాన్న పొట్ట మీద ఇంకో బొట్టు. ఆ బొట్లు కూడా డోసులో భాగమే. మందు సన్నటి సూదిలోంచి పూర్తిగా దిగడానికి టైం పడుతుంది. అందుకే పది లెక్కపెట్టమనేది.

"అమ్మా, దొర్లించమని రాశాను కదా."

"ఎక్కడ రాశావే?"

చూపించాను. చదివింది. "ఇది చివర్లో ఉంది కదా. అప్పటికి ఇంజెక్షన్ అయిపోయి, సూది విప్పేసి, మూత పెట్టేసి ఉంటాను. తర్వాత రాసినవన్నీ జాగ్రత్తలు అనుకున్నా" అంది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే సరిగ్గా ఇదే తప్పుని అంతకు కొన్ని నెలల ముందే ఆఫీసులో నేను పట్టుకున్నాను. మా టీంలో సర్వర్ డిస్క్ నిండితే ఏం చేయాలో రాసిన ఒక డాక్యుమెంట్ ఉండేది. పాత లాగ్ ఫైళ్లు తీసేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, అంతకుముందు ఆ సర్వర్‌కి ట్రాఫిక్ రాకుండా లోడ్ బ్యాలెన్సర్‌లోంచి బయటికి తీయాలి అని ఉంది. రాత్రి రెండింటికి నిద్రమత్తులో లేచిన కుర్రాడు "రీస్టార్ట్ చేయాలి" దాకా చదివి రీస్టార్ట్ కొట్టాడు. తర్వాత "అంతకుముందు" చదివాడు. ఆ కాసేపట్లో ఆ సర్వర్‌కి వచ్చిన ప్రతి కస్టమర్‌కీ ఎర్రరే. మర్నాడు ఆ డాక్యుమెంట్‌ని నంబర్లు వేసి తిరగరాసింది నేనే. మీటింగ్‌లో దాని గురించి పది నిమిషాలు క్లాస్ పీకింది కూడా నేనే.

సర్వర్ కోసం అంత జాగ్రత్తగా రాసినదాన్ని నాన్న ఒంట్లోకి వెళ్లే మందు గురించి క్యాబ్‌లో ఒకే ఊపున టైప్ చేసి పంపాను. అమ్మ ముందు ఆ సంగతి ఎత్తలేదు. ఇక్కడ చెప్తున్నా.

ఆ పేరాని మళ్లీ చూస్తే ఇంకోటి అర్థమైంది. ఇది తెలుగులో మరీ సులభంగా చేసే తప్పు. కడుక్కుని, తీసి, బిగించి, తిప్పి, గుచ్చి, నొక్కి... స్కూల్లో క్త్వార్థకం అని చదువుకున్నామే, అది ఉంటే ఎన్ని పనులనైనా ఒకే వాక్యంలో గుచ్చేయొచ్చు. మాట్లాడేటప్పుడు అది చాలా అందం. కథ చెప్పడానికి అంతకంటే మంచిది లేదు. కానీ వినేవాళ్లకి చివరి క్రియ దాకా ఆగే చోటు ఉండదు. "నొక్కి పది లెక్కపెట్టి తీసేసి" అన్నప్పుడు చెవికి గట్టిగా తగిలేది "తీసేసి". "పది లెక్కపెట్టి" అన్నది దార్లో కనిపించిన చెట్టులా వెనక్కి వెళ్లిపోతుంది. అది ఒక పని అనే అనిపించదు.

సరే, నంబర్లు వేద్దాం అని కూర్చున్నాను. ఇక్కడ రెండో తప్పు చేశాను.

నా పేరాలో ఎక్కడ పని మారితే అక్కడ ఎంటర్ కొట్టాను. ముందు ఒక అంకె పెట్టాను. పదహారు పాయింట్లు వచ్చాయి. చూడ్డానికి భలే నీట్‌గా ఉంది. ప్రింట్ తీయించుకొచ్చి అమ్మకిచ్చి, ఒక బత్తాయి కాయ, అడుగున కొంచెం మందు మిగిలిన పాత పెన్ను ముందు పెట్టాను. "ఇదే నాన్న పొట్ట అనుకో. పైకి చదువుతూ చెయ్" అన్నాను. అమ్మ సీరియస్‌గా మొదలుపెట్టింది.

మొదటి నంబర్ "అన్నానికి అరగంట ముందు చేయాలి". అమ్మ తలెత్తి, "ఏం చేయాలి?" అంది. అది పని కాదు. పని ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే షరతు. దానికి నంబర్ ఎందుకిచ్చానో నాకే తెలియదు.

ఆరో నంబర్ "రాకపోతే మళ్లీ చెయ్". చుక్క వచ్చింది. కానీ ఆరు అక్కడ ఉంది కాబట్టి అమ్మ మళ్లీ రెండు యూనిట్లు తిప్పింది.

"రోజూ ఒకేచోట గుచ్చొద్దు" అన్నది గుచ్చడం తర్వాతి నంబర్‌లో పడింది. అమ్మ బత్తాయిలోంచి సూది తీసి, ఇంకోచోట గుచ్చింది. నిజం పొట్టయితే ఏమయ్యేదో ఊహించుకోండి.

పదమూడో నంబర్ "సూది బిగించే ముందు పెన్నుని దొర్లించాలి". అప్పటికి పన్నెండోదానిలో సూది విప్పేసి మూత పెట్టేసింది. పెన్ను చేత్తో పట్టుకుని నావైపు చూసింది. ఎంటర్ కొట్టినంత మాత్రాన వరస మారదు కదా. నేను చెప్పిన వరస అలాగే ఉంది, చేయాల్సిన వరస వేరే ఉంది. ఇంతకుముందు ఆ తప్పు వాక్యంలో దాక్కుని ఉండేది. ఇప్పుడు దానికి పదమూడు అని బిళ్ల తగిలించాను, అంతే తేడా.

పద్నాలుగోదానికి వచ్చేసరికి అమ్మ నిజంగానే అడిగింది, "ఈ చక్కెర నీళ్లు రోజూ ఇవ్వాలా?"

నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. పేరాలో ఉన్నప్పుడు "చెమటలు పడితే" అన్నది ఒక జాగ్రత్తలా వినిపించింది. నంబర్ వేయగానే అది రోజూ చేయాల్సిన పద్నాలుగో పని అయిపోయింది. నంబర్ చూసినవాళ్లు, దీని ముందుది అయ్యాకే ఇది చేయాలి, ఇది అయ్యాకే తర్వాతిది అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేం లేదు. మనం ఆ మాట ఇచ్చాం కాబట్టే నమ్మారు.

ఈసారి పేరాని పక్కన పడేశాను. పెన్ను నేనే పట్టుకుని బత్తాయికి ఇంజెక్షన్ చేస్తూ, చెయ్యి చేసే పనిని తమ్ముడితో రాయించాను. వాడు రాస్తూ పోయాడు, నేను మధ్యలో ఎక్కడ ఆగానో అక్కడ గీత గీశాడు. ఆ గీతలే చివరికి నంబర్లయ్యాయి. చెయ్యి ఆగి, కళ్లు మళ్లీ కాగితం మీదికి వచ్చే చోటే కొత్త నంబర్. సూది బిగించడం, దాని రెండు మూతలు తీయడం ఒకే ఊపులో అయిపోతాయి, మధ్యలో ఎవరూ కాగితం చూడరు. వాటికి ఒకటే నంబర్ చాలు.

ఒక్కచోట మాత్రం అమ్మ నాతో ఒప్పుకోలేదు. "బటన్ నొక్కి పట్టుకుని 10 దాకా లెక్కపెట్టు" అని ఒకే నంబర్‌లో రాశాను. నాకది ఒకే పని. అమ్మేమో, "నొక్కగానే టిక్కుమని ఆగిపోద్ది. అయిపోయిందనిపిస్తుందే. చెయ్యి దానంతటదే వెనక్కొచ్చేస్తుంది. లెక్కపెట్టడానికి వేరే నంబర్ ఇవ్వు" అంది. ఏమీ చేయకుండా ఆగి ఉండటానికి కూడా ఒక నంబర్ కావాలన్నమాట. ఎక్కువగా మర్చిపోయేది అదే కాబట్టి. ఇచ్చాను.

చివరికి కాగితం మీద పైన, నంబర్ లేకుండా, పెద్ద అక్షరాలతో: "అరగంటలో అన్నం రెడీగా ఉంటుందా? ఉంటేనే మొదలుపెట్టు." దాని కింద ఇది.

1. చేతులు సబ్బుతో కడుక్కో.
2. పెన్నుని అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించు.
3. పెన్నుని మెల్లగా 10 సార్లు పైకీ కిందికీ తిరగెయ్. మందంతా ఒకే తెలుపులో ఉండాలి. లేకపోతే మళ్లీ 2.
4. కొత్త సూది బిగించు. రెండు మూతలూ తీసెయ్.
5. 2 యూనిట్లు తిప్పు. సూది పైకి పెట్టి బటన్ నొక్కు. చుక్క కనిపించాలి. కనిపించకపోతే మళ్లీ 5.
6. డోసు తిప్పు. పొద్దున 18, రాత్రి 12. అంకె పైకి చదువు.
7. నిన్నటి చోటు వదిలి, వేరే చోట నిటారుగా గుచ్చు.
8. బటన్ 0 వచ్చేదాకా నొక్కు. వదలొద్దు.
9. మెల్లగా 10 దాకా లెక్కపెట్టు.
10. సూది బయటికి తియ్.
11. సూది విప్పి డబ్బాలో వెయ్. పెన్నుకి మూత పెట్టు.

ఇది మా నాన్న పెన్నుకి, మా నాన్న డోసుకి రాసింది. మీ ఇంట్లో మందు వేరే రకం అయితే దొర్లించక్కర్లేకపోవచ్చు, అరగంట ఆగక్కర్లేకపోవచ్చు. దీన్ని కాపీ కొట్టకండి, మీ నర్సుతో మీది రాయించుకోండి.

నాకు బాగా నచ్చింది 3, 5 నంబర్లు. పాత పేరాలో "పాలలా అయ్యాక", "చుక్క రావాలి" అని ఉన్నాయి, కానీ అక్కడ అవి వర్ణనలా ఉన్నాయి. ఇక్కడ అవి గేటు. పని సరిగ్గా అయిందో లేదో కంటితో చూసి, కాకపోతే ఎక్కడికి వెనక్కెళ్లాలో అదే లైన్లో ఉంది. "మళ్లీ చెయ్" అంటే ఎక్కడినుంచి మళ్లీ అన్న ప్రశ్న వస్తుంది. "మళ్లీ 2" అంటే రాదు.

7 చూడండి. "వేరే చోట" అన్నది "గుచ్చు" కంటే ముందుంది. చదివేవాళ్లు క్రియ కనపడగానే పని చేసేస్తారు, మిగతాది చదవడానికి ఆగరు. కాబట్టి షరతు ఏదైనా ఉంటే క్రియకి ముందే చెప్పేయాలి. ఈ విషయంలో తెలుగు మనకి సాయం చేస్తుంది. మన క్రియ ఎలాగూ చివర్లోనే వస్తుంది.

సాయంత్రం ఆ కాగితం తీసుకెళ్లి నర్సుకి చూపించాం. ఆవిడ చదివి, పెన్ను తీసుకుని పైన ఇంకో లైన్ రాసింది. "మీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే ఇంజెక్షన్ వద్దు. ముందు చక్కెర, తర్వాత మాకు ఫోన్." నేను అసలు ఆలోచించని లైన్ అది. పేరా చూపించి ఉంటే ఆ ఖాళీ ఆవిడకి కనిపించేదా అని నా అనుమానం. పేరాలో ఏదో ఒక మూల ఉండే ఉంటుందిలే అనిపిస్తుంది. అంకెల మధ్య లేనిది లేనట్టే కనిపిస్తుంది.

చక్కెర నీళ్ల సంగతి వేరే కాగితం మీదికి వెళ్లింది. అది కూడా వరసగా చేయాల్సిన పనే, కానీ వేరే రోజు, వేరే కంగారులో చేసే పని. ఎర్ర స్కెచ్‌తో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాం. పైన "చెమటలు, వణుకు, తడబాటు ఉంటే, లేదా మీటర్ 70 కంటే తక్కువైతే" అని. కింద నాలుగే. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించు. 15 నిమిషాలు ఆగి మీటర్‌తో చూడు. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ 1. పైకొస్తే అన్నమో, రెండు ఇడ్లీలో పెట్టు. అన్నిటికంటే పైన, నంబర్ లేకుండా, "స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి చెయ్." ఇది నంబర్లలో చివర పెడితే ఎవరైనా ముందు నాలుగూ ప్రయత్నించి అప్పుడు దాని దగ్గరికొస్తారని నా భయం.

అంత బాగా కుదిరాక నాకు పూనకం వచ్చింది. ఇంట్లో కనపడ్డ ప్రతిదానికీ నంబర్లు వేయడం మొదలుపెట్టాను. డాక్టర్ చెప్పిన తిండి జాగ్రత్తలు ఏడు పాయింట్లుగా రాసి డైనింగ్ టేబుల్ పక్కన అతికించాను. అన్నం తగ్గించాలి, కూర పెంచాలి, పండ్లరసాలు వద్దు, రోజూ పాదాలు చూసుకోవాలి, ఇలా. ఏడోది నడక.

వారం తర్వాత నాన్నకి ఫోన్ చేసి, "నడుస్తున్నావా?" అంటే, "ఇంకా మూడో దగ్గరే ఉన్నానమ్మా. ఏడు దాకా రావాలిగా" అన్నాడు. జోకే. కానీ సగమే జోకు. చివర్లో ఉంది కాబట్టి అంత ముఖ్యం కాదని ఆయన నిజంగానే అనుకున్నాడు. అవేమీ ఒకదాని తర్వాత ఒకటి చేసేవి కావు, రోజంతా పక్కపక్కన నడిచేవి. వాటికి అంకెలేస్తే, లేని వరస ఒకటి పుడుతుంది. వరస లేని చోట అంకెని జనం ర్యాంకు అనుకుంటారు. ఆ కాగితం పీకేశాను. దానిబదులు నాన్నతో కూర్చుని మాట్లాడాను.

చోటు ఎందుకు మార్చాలన్నది కూడా అలాంటిదే. ఏడో నంబర్‌లో "వేరే చోట" అని ఉన్నా, నాన్న రోజూ బొడ్డుకి కుడివైపు ఒకే జాగా చూపించేవాడట. అక్కడైతే నొప్పి ఉండదని. చెయ్యి పెట్టి చూస్తే అప్పటికే కొంచెం గట్టిగా తగిలింది. అక్కడే పదే పదే గుచ్చితే చర్మం కింద కొవ్వు గడ్డకట్టినట్టవుతుంది. నొప్పి తక్కువ ఉండేది అందుకే. కానీ ఆ గడ్డలోంచి మందు ఒంట్లోకి ఒక లెక్క ప్రకారం ఎక్కదు, ఒకరోజు ఆలస్యం, ఒకరోజు తొందర. దీన్ని ఎన్ని అంకెలుగా నరికినా నాన్న వినడు. నొప్పి లేదు, ఎందుకంటే గడ్డ, గడ్డ కాబట్టి మందు సరిగ్గా ఎక్కదు, అందుకే ఆ 210. ఒకదాన్ని ఒకటి పట్టుకుని నడిచే మాటలవి. దాన్ని పేరాగానే రాశాను, కాగితం వెనకవైపు. ఒకసారి చదివి ఒప్పుకుంటే చాలు. రోజూ చేతిలో పెన్ను పట్టుకుని చదవక్కర్లేదు. నర్సు చెప్పినట్టు ఆ గట్టిపడ్డ చోటు ప్రస్తుతానికి వదిలేశాం.

షుగర్ వెంటనే బాగైపోలేదు. దొర్లించడం, లెక్కపెట్టడం సరిగ్గా మొదలయ్యాక ఆ పెద్ద ఎగుడుదిగుళ్లు తగ్గాయి. అప్పుడే డాక్టర్‌కి అసలు డోసు సరిపోతోందో లేదో తెలిసింది, రాత్రి డోసు మార్చారు. పాత కాగితం మీద 12 కొట్టేసి 14 వేశాం. అంకె ఒకేచోట ఉంది కాబట్టి మార్చడానికి ఒక్క గీత సరిపోయింది. నా పేరాలో అయితే 18 పొద్దునదా రాత్రిదా అని మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చేది.

తమ్ముడికి చేతిరాత బాగుండదు కాబట్టి నర్సు రాసిన లైన్ కూడా కలిపి కొత్తగా ప్రింట్ తీసి లామినేషన్ చేయించాడు. డోసు ఉన్న చోట మాత్రం ఖాళీ వదిలి, మార్కర్‌తో రాసి తుడుచుకునేలా పెట్టాడు. ఆ ఐడియా నాది కాదు, ఒప్పుకుంటున్నా.

మొన్న రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వస్తూ అమ్మకి ఫోన్ చేశాను. ఎత్తింది నాన్న. స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు, వెనక అమ్మ గొంతు వినిపించింది.

"తొమ్మిదిలో ఉన్నానే, ఆరు, ఏడు... నువ్వు పెట్టెయ్, నేనే చేస్తా."